ఇరవై నాలుగు వరుసల ఫైలు



భద్రాచలంలో తెల్లవారగానే పార్శిల్ బండ్లు దిగుతాయి. సంచులు విప్పి ఊళ్ల వారీగా వేరు చేస్తారు. సారపాక, బూర్గంపహాడ్ ఒక కుప్ప, దుమ్ముగూడెం, చర్ల మరో కుప్ప. చర్ల వైపు వెళ్లే కుర్రాడు వీపుకు సంచి తగిలించుకుని గోదావరి ఒడ్డు వెంబడి బయలుదేరతాడు. ఊరు దాటగానే ఎటపాక వస్తుంది. అది 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఊరు. అక్కడి నుంచి మళ్లీ తెలంగాణలోకి వచ్చి, అడవి పక్కగా దాదాపు అరవై కిలోమీటర్లు పోతే చర్ల. బండి అతనిదే, పెట్రోలు ముందు పోయించుకునేదీ అతనే. నెల తిరిగాక అతని చేతికి రావలసిన డబ్బు అతనికి ఎలా చేరుతుంది? ఒక్కడికి పంపడం తేలికే. ఇరవై మందికో ముప్పై మందికో ఒకేసారి పంపాలంటే హబ్ నడిపే వ్యాపారి ఏం చేస్తాడు, ఆ దారిలో డబ్బు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ తప్పిపోతుంది అన్నది ఈ రోజు చెప్పుకుందాం.

ఒకప్పుడు కవరులో నోట్లు పెట్టి, మస్టర్ మీద సంతకమో వేలిముద్రో తీసుకుని ఇచ్చేవారు. ఇప్పుడు ఎక్కువచోట్ల ఆ మస్టర్ స్థానంలో ఒక ఫైలు వచ్చింది. కంప్యూటర్లో ఒక పట్టిక తయారు చేస్తారు. మనిషికి ఒక వరుస. అందులో మొత్తం, ఖాతా నంబరు, బ్యాంకు శాఖను తెలిపే ఐఎఫ్ఎస్‌సి కోడు, పేరు, గుర్తు కోసం ఒక రిఫరెన్సు ఉంటాయి. గడుల వరుస ఒక్కో బ్యాంకుకు ఒక్కో రకంగా ఉంటుంది గానీ సరుకు మాత్రం ఇదే. ఆ పట్టికను బ్యాంకు వెబ్‌సైటులో ఎక్కిస్తారు. ఒకరు ఎక్కిస్తే మరొకరు చూసి ఆమోదించాలి. ఆమోదం పడగానే బ్యాంకు ఒక్కో వరుసను ఒక్కో చెల్లింపుగా విడదీసి ఎక్కువగా నెఫ్ట్ ద్వారా పంపుతుంది. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి రాత్రీపగలూ, సెలవు రోజుల్లో కూడా అరగంటకో విడత చొప్పున నడుస్తోంది.

ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. హబ్‌లో ఇరవై నాలుగు మంది ఉన్నారనుకోండి. చర్ల కుర్రాడు నెలలో 912 పార్శిళ్లు అందించాడు. ఒక్కోదానికి 14 రూపాయలు, అంటే 12,768. దూరపు రూటు కాబట్టి పెట్రోలుకు రోజుకు 100 చొప్పున 26 రోజులకు 2,600. రెండూ కలిపితే 15,368. పండక్కి తీసుకున్న అడ్వాన్సు 2,000 తీసేస్తే మిగిలేది 13,368. ఫైలులో అతని వరుసలో పడే అంకె ఇదే. మిగతా వాళ్ల లెక్కలూ ఇలాగే తేల్చి కూడితే ఇరవై నాలుగు వరుసల మొత్తం 2,91,450 అయిందనుకుందాం. పదో తారీఖున ఫైలు ఎక్కించారు, ఆమోదించారు, వ్యాపారి ఖాతా నుంచి 2,91,450 పోయింది. తెర మీద ఫైలు పూర్తయినట్టు చూపించింది. ఇంతటితో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు జాగ్రత్త పడాల్సిన చోట్లు రెండు ఉన్నాయి. ఒకటి దీనికి ముందు, ఇంకొకటి దీని తర్వాత.

ముందు సంగతి చెబుతాను. ఫైలులో పేరు గడి ఉంటుంది కాబట్టి బ్యాంకు ఆ పేరు చూసి డబ్బు వేస్తుందని మనం అనుకుంటాం. అలా జరగదు. నెఫ్ట్‌లో డబ్బు అందుకునే బ్యాంకు ఖాతా నంబరు ఒక్కటే చూసి జమ చేయవచ్చని, నంబరు సరిగా ఇవ్వాల్సిన బాధ్యత పంపేవాళ్లదేనని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. పేరు గడిలో ఎవరి పేరున్నా ఖాతా నంబరు ఎవరిదైతే డబ్బు వాళ్లకే పోతుంది. అందుకే ఆ నంబర్ల నిలువు వరుస ఈ ఫైలుకు ప్రాణం.

ఆ వరుసను చెడగొట్టే మొదటి శత్రువు ఎక్సెల్. ఖాతా నంబరును అది లెక్కలు చేసే అంకె అనుకుంటుంది. కొన్ని బ్యాంకుల ఖాతా నంబర్లు సున్నాతో మొదలవుతాయి. ముందున్న సున్నాకు విలువ లేదని ఎక్సెల్ దాన్ని తీసిపారేస్తుంది. నంబరు పొడుగైతే 1.23457E+14 లాంటి రూపంలో చూపిస్తుంది. ఆ రూపంలోనే ఫైలు భద్రపరిచి ఎక్కిస్తే బ్యాంకు వెంటనే తిప్పికొడుతుంది, కాబట్టి తప్పు బయటపడుతుంది. బయటపడనిది ఇంకొకటి ఉంది. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే నమ్మకంగా గుర్తుపెట్టుకుంటుంది. పంజాబ్ నేషనల్ బ్యాంకు లాంటి చోట ఖాతా నంబరుకు పదహారు అంకెలు. అలాంటి నంబరు మామూలు గడిలో కొట్టగానే పదహారో అంకె సున్నాగా మారిపోతుంది. ఆ గడిని నంబరు రూపంలోకి మార్చి చూస్తే నంబరు నిండుగానే ఉంటుంది, అంకెల లెక్కా సరిపోతుంది. అది ఎవరి ఖాతా కాకపోతే డబ్బు వెనక్కి వస్తుంది. ఎవరిదైనా అయితే వాళ్లకు పోతుంది. అందుకే నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుసనంతా టెక్స్ట్‌గా మార్చుకోవాలి. కొట్టాక మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు.

రెండో ప్రమాదం ఇంతకన్నా పెద్దది. పట్టికను పేర్ల వరుసలో సర్దుదామని గుమస్తా పేర్ల గడులను మాత్రమే ఎంచుకుని సార్ట్ నొక్కాడనుకోండి. పేర్లు అక్షర క్రమంలోకి వస్తాయి, పక్కనున్న మొత్తాలూ ఖాతా నంబర్లూ ఎక్కడివక్కడే ఉంటాయి. దీనివల్ల పేరు తప్పయినా మొత్తమూ ఖాతా నంబరూ ఒకదానికొకటి సరిపోతాయి కాబట్టి డబ్బు సరిగానే పోతుంది. అదే సార్ట్ ఖాతా నంబర్ల గడుల మీద జరిగితే మాత్రం చర్ల కుర్రాడి 13,368 సారపాక కుర్రాడికి, సారపాక వాడిది పట్టణంలో తిరిగే మరొకరికి పోతుంది. ఇరవై నాలుగు వరుసలు ఉన్నాయి, మొత్తం 2,91,450 సరిపోయింది, ప్రతి నంబరూ నిజమైన ఖాతాదే. బ్యాంకు ఏ వరుసనూ ఆపదు, ఒక్క రూపాయీ వెనక్కి రాదు.

పాతకాలపు జీతాల గుమస్తాలు దొంగ మార్పులు పట్టుకోవడానికి ఒక పద్ధతి వాడేవారు. ఖాతా నంబర్లో చివరి నాలుగు అంకెలు తీసుకుని అన్నిటినీ కూడి, ఆ మొత్తాన్ని పక్కన రాసి పెట్టేవారు. ఎవరైనా ఒక నంబరు తీసి తమ వాళ్ల నంబరు పెడితే డబ్బు మొత్తం మారకపోయినా ఈ మొత్తం మారుతుంది. మంచి పద్ధతే, ఇప్పటికీ పనికొస్తుంది. కానీ నంబర్లు తమలో తాము చోటు మార్చుకుంటే ఈ మొత్తం కూడా మారదు. కాబట్టి ఆమోదించే మనిషి మొత్తం, వరుసల సంఖ్య చూసి సరే అనడం చాలదు. పోయిన నెల ఫైలును పక్కన పెట్టుకుని, ప్రతి మనిషి పని నంబరుకు ఎదురుగా అదే ఖాతా ఉందా లేదా అని వరుసకు వరుస పోల్చాలి. పేరుతో పోల్చవద్దు. ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంది. ప్రతి ఒక్కరికీ మారని పని నంబరు ఒకటి ఇవ్వాలి. ఖాతా మారినవాళ్ల వరుసలు ప్రతి నెలా ఒకటో రెండో ఉంటాయి. వాళ్లకు మాత్రం ఫోను చేసి, మార్చింది మీరేనా అని అడిగి తెలుసుకోవాలి. ఎక్కించే మనిషీ ఆమోదించే మనిషీ వేరు కావాలని బ్యాంకు నియమం పెట్టింది ఇందుకే. చిన్న హబ్‌లలో రెండు పాస్‌వర్డులూ ఒకడి దగ్గరే ఉండటం నేను చూస్తుంటాను. అప్పుడు ఆ రెండో తాళానికి అర్థం లేదు.

కొత్తగా చేరినవాళ్ల విషయంలో ఇప్పుడు ఒక సౌకర్యం ఉంది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో డబ్బు పంపకముందే ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూపించే ఏర్పాటును 2025 ఏప్రిల్ 1 నాటికి పెట్టాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ ఆదేశించింది. మనిషి పనిలో చేరిన రోజునే, అతను పక్కనుండగానే, ఆ ఖాతా నంబరు వేసి పేరు చూసుకోవాలి. లేదా ఒక రూపాయి పంపి అతని ఫోనుకు మెసేజ్ వచ్చిందో లేదో చూడాలి. పదో తారీఖు సాయంత్రం ఇరవై నాలుగు మందిని చూసుకోవడం కన్నా చేరిన రోజు ఒక్కరిని చూసుకోవడం సులువు.

ఇక తర్వాతి సంగతి. డబ్బు ఖాతాలో పడటానికి వీలు లేకపోతే, అందుకున్న బ్యాంకు ఆ విడత ముగిసిన రెండు గంటల్లోగా దాన్ని తిప్పి పంపాలి. అది వ్యాపారి ఖాతాలోకి విడిగా ఒక జమగా వస్తుంది. పోయేటప్పుడు చాలా బ్యాంకుల్లో 2,91,450 ఒకే ఖర్చుగా కనిపిస్తుంది. వచ్చేటప్పుడు మాత్రం ఒక్కో వరుసా ఒక్కో జమ. మన ఉదాహరణలో ఆ సాయంత్రం మూడు జమలు వచ్చాయనుకోండి: 13,368, 9,840, 11,205. కలిపితే 34,413. అంటే నిజంగా చేరింది 2,57,037 మాత్రమే. వ్యాపారి ఖాతాలో అదే రోజు కస్టమర్లవీ కంపెనీలవీ జమలు ఎన్నో పడుతుంటాయి. వాటి మధ్య ఈ మూడూ కలిసిపోతాయి. ఎవరూ చూడకపోతే ముగ్గురు మనుషుల నెల కష్టం యజమాని ఖాతాలోనే ఊరికే ఉంటుంది. యజమానికి చెడు ఉద్దేశం ఉండనక్కర్లేదు, చూడకపోతే చాలు.

అప్పుడు ఫోను వస్తుంది. "అన్నా, అందరికీ పడ్డయంట, నాకు పడలేదు." ఇటు నుంచి జవాబు, "లేదు తమ్ముడూ, నేను పంపాను, బ్యాంకులో కట్ అయింది, నీ బ్యాంకులో అడుగు." అతను బ్యాంకుకు పోతే అక్కడ ఏమీ లేదంటారు, ఎందుకంటే అక్కడ నిజంగానే ఏమీ లేదు. ఉపాధి హామీ కూలీల దగ్గర మనం ఏళ్ల తరబడి విన్న మాటే ఇది. పై నుంచి వేశారంటారు, కింద పడలేదంటారు. ఇద్దరూ చెప్పేది నిజమే.

ఆ మూడు వరుసలు ఎందుకు తిరిగి వస్తాయి? ఈ ప్రాంతంలో నాకు ముఖ్యంగా కనిపించే కారణాలు మూడు.

మొదటిది బ్యాంకుల విలీనం. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో 2020 ఏప్రిల్ 1న కలిశాయి. ఆంధ్రా బ్యాంకు శాఖల కోడు ANDB తో మొదలయ్యేది, ఇప్పుడు UBIN తో మొదలవుతుంది. కానీ ఇంట్లో బీరువాలో ఉన్న పాస్‌బుక్ పాతదే. కుర్రాడు దాని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతాడు, గుమస్తా దాన్నే చూసి కొడతాడు. తాజాగా ఇంకో మార్పు జరిగింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు తెలంగాణలో ఉన్న శాఖలు 2025 జనవరి 1 నుంచి తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. ఎటపాక అవతల ఆంధ్ర వైపు గ్రామీణ బ్యాంకులు నాలుగూ కలిసి అదే ఏడాది మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఒకే హబ్‌లో పనిచేసే ఇద్దరు అన్నదమ్ముల్లాంటి కుర్రాళ్ల పాస్‌బుక్‌ల మీద ఒకే పాత పేరు లేదా దగ్గరి పేర్లు ఉండవచ్చు, ఇప్పుడు వాళ్ల బ్యాంకులు వేరు. కాబట్టి గ్రామీణ బ్యాంకు ఖాతా అనగానే శాఖలో అడిగి ఈనాటి కోడు రాయించుకు రమ్మనాలి.

రెండోది పోస్టాఫీసు. అడవి పక్క ఊళ్లలో చాలామందికి పోస్టాఫీసులోనే పొదుపు ఖాతా ఉంటుంది. 2022 మే నుంచి ఆ ఖాతాలకూ నెఫ్ట్‌లో డబ్బు పంపవచ్చు. కోడు దేశమంతటికీ ఒకటే, IPOS0000DOP. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు అనేది వేరు. అది కూడా అదే పోస్టాఫీసులో, అదే పోస్ట్‌మ్యాన్ చేతి మీదుగా నడుస్తుంది గానీ దాని కోడు IPOS0000001. ఎవరినైనా అడిగితే రెండిటికీ "పోస్టాఫీసు ఖాతా" అనే చెబుతారు. ఒకదాని నంబరుకు రెండోదాని కోడు తగిలిస్తే వరుస తిరిగి వస్తుంది. అందుకే మాట మీద నమ్మి కొట్టకుండా పాస్‌బుక్ తెమ్మనాలి.

మూడోది చాలామందికి తెలియదు, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ ఇదే. సరైన గుర్తింపు కాగితాలు లేకుండా ఫోటో, సంతకం లేదా వేలిముద్రతో తెరిచే చిన్న ఖాతాలు ఉంటాయి. వాటికి హద్దులున్నాయి. నిల్వ 50,000 దాటకూడదు, నెలలో తీసుకునేది 10,000 దాటకూడదు, ఆర్థిక సంవత్సరంలో వచ్చే జమలన్నీ కలిపి లక్ష దాటకూడదు. నెలకు 12,000 సంపాదించే కుర్రాడిని తీసుకోండి. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఎనిమిది నెలలకు 96,000 అయింది. జమ పడటంలో ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. డిసెంబరు డబ్బు వచ్చేసరికి లక్ష దాటుతుంది, బ్యాంకు ఆపుతుంది. నంబరు సరైనదే, కోడు సరైనదే, ఎనిమిదిసార్లు పడిన ఖాతాయే. గుమస్తా ఎంత వెతికినా ఫైలులో తప్పు దొరకదు. ఎనిమిది నెలలు సాఫీగా నడిచి, ఏడాది చివర్లో ఒక్కసారిగా ఆగితే ఈ సంగతి అనుమానించాలి. మందు ఒక్కటే, ఆధార్ లాంటి కాగితాలిచ్చి పూర్తి కేవైసీ చేయించుకుని ఆ ఖాతాను మామూలు ఖాతాగా మార్చుకోవడం.

తిరిగొచ్చిన వరుసలను మళ్లీ పంపడంలోనూ ఒక క్రమం ఉంది. కుర్రాడు ఫోను చేయగానే జాలిపడి ఫోన్‌పేలోనో చేతిలోనో 13,368 ఇచ్చేశారనుకోండి. ఆ వరుస నిజానికి తిరిగి రాలేదు, ఇంకా దారిలోనే ఉంది, రాత్రికి పడింది. రెండుసార్లు ఇచ్చినట్టయింది. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం మనుషుల మధ్య ఎంత చేదు తెస్తుందో చెప్పక్కర్లేదు. ఇంకొందరు ఫైలు పేరు మార్చి మొత్తం ఫైలునే మళ్లీ ఎక్కిస్తారు. అదే పేరున్న ఫైలును కొన్ని బ్యాంకులు ఆపుతాయి గానీ పేరు మారిస్తే ఆపవు, ఇరవై ఒక్క మందికి అదే నెల జీతం రెండోసారి పడిపోతుంది. కాబట్టి తిరిగొచ్చిన జమ ఖాతాలో కళ్లారా చూశాకే, ఆ వరుసలు మాత్రమే తీసి, తప్పు సరిదిద్ది, రిఫరెన్సు గడిలో అదే పని నంబరు, అదే నెల, చివర్లో రెండోసారి అన్న గుర్తు పెట్టి కొత్త ఫైలుగా పంపాలి. అప్పుడే మొదటి ఫైలులో చేరిన 2,57,037, రెండో ఫైలులో పంపిన 34,413 కలిపితే 2,91,450 కి లెక్క తేలుతుంది.

వేరే వాళ్ల ఖాతాలో పడిన డబ్బుకు ఈ దారి లేదు. ఆ వరుస యూటీఆర్ నంబరు రాసి అదే రోజు మీ బ్యాంకుకు లిఖితంగా ఇవ్వాలి. వాళ్లు అవతలి బ్యాంకును అడుగుతారు. అవతలి మనిషి ఒప్పుకుంటే డబ్బు వస్తుంది, ఒప్పుకోకపోతే పోలీసు, కోర్టు దాకా పోవాలి. ఇక్కడ ఒక్క రోజు ఆలస్యం కూడా ఖరీదైనదే.

చెల్లింపు రోజు గురించి ఒక మాట. నెఫ్ట్ ఆదివారం కూడా నడుస్తుంది కదా అని శనివారం రాత్రి ఫైలు ఎక్కించేవాళ్లున్నారు. డబ్బు నడుస్తుంది, శాఖ మాత్రం మూసి ఉంటుంది. తిరిగొచ్చిన వరుసను సరిదిద్దాలంటే కుర్రాడు శాఖకు పోవాలి, కోడు రాయించుకోవాలి, కేవైసీ ఇవ్వాలి. చర్ల అవతల ఊళ్ల నుంచి వచ్చేవాడికి అది ఒక రోజు పని, ఒక రోజు సంపాదన. అందుకే సోమవారమో మంగళవారమో పొద్దున ఎక్కిస్తే ఆ వారంలోనే అందరికీ తేలిపోతుంది. వానాకాలంలో ఇంకా ముందుచూపు కావాలి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. అలాంటి రోజుల్లో దుమ్ముగూడెం, చర్ల దారి మునుగుతుంది, డెలివరీలు ఆగుతాయి, శాఖకు పోయే దారీ ఉండదు. సరిగ్గా అప్పుడే ఇంట్లో బియ్యానికి డబ్బు కావాలి. జూన్‌లోనే ఒకసారి అందరి ఖాతాలూ కోడులూ సరిచూసుకున్న హబ్‌లో ఆ నెల ఎవరి డబ్బూ ఆగదు.

హబ్ నడిపేవాళ్లకు నా విన్నపం ఇది. చెల్లింపు పూర్తయిన సాయంత్రం ప్రతి ఒక్కరికీ ఒక మెసేజ్ పంపండి. ఎన్ని పార్శిళ్లు, రేటు ఎంత, ఏం కోశారు, ఎంత పంపారు, యూటీఆర్ నంబరు ఎంత అన్నవి అందులో ఉండాలి. ఆ నంబరు చేతిలో ఉంటే అతను బ్యాంకులో అడగగలడు, లేకపోతే అడగలేడు. డెలివరీ పని చేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు కూడా ఒక మాట. ఈ వారంలో మీ పాస్‌బుక్ తీసుకుని శాఖకు వెళ్లండి. మీది చిన్న ఖాతానా పూర్తి ఖాతానా, ఈ రోజు చెల్లే ఐఎఫ్ఎస్‌సి కోడు ఏది అని రెండే ప్రశ్నలు అడగండి. జవాబు కాగితం మీద రాయించుకుని మీ హబ్‌లో ఇవ్వండి.